నాలుగు పేర్లు, ఒక కూనిరాగం

మా పక్కింటి పిన్నిగారు మొన్న సాయంత్రం కరివేపాకు కోసం వచ్చి, గుమ్మంలోనే నిలబడి ఒక కూనిరాగం తీశారు. "ఇది ఏ సినిమాలోది బాబూ? రెండు రోజులనుంచి ఒకటే పీకుతోంది" అన్నారు. పాటలో ఒక్క మాటా గుర్తులేదట. మాట తెలిస్తే ఫోన్‌లో కొట్టి చూసుకోవచ్చు, తెలియకపోవడమే అసలు చిక్కు. అయితే ఆవిడ దగ్గర నాలుగు ఆనవాళ్లున్నాయి. సంగీతం ఇళయరాజా. రాసింది సీతారామశాస్త్రిగారు. సినిమా విశ్వనాథ్‌ది. విన్నది బెజవాడలో ఇల్లు మారిన ఏడాది, అంటే 1989.

ఈ నాలుగింటితో పాట దొరుకుతుందా? చాలాసార్లు దొరుకుతుంది. కాకపోతే నాలుగూ ఒకే బరువున్న ఆనవాళ్లు కావు. ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఏది మోసం చేస్తుందో తెలిస్తేనే వెతుకులాట తెమిలేది. పిన్నిగారి పాటనే పట్టుకుని చూద్దాం.

ముందు గడ్డివాము ఎంతుందో కొలవాలి. లెక్కకోసం ఏడాదికి 100 తెలుగు సినిమాలు, సినిమాకి 5 పాటలు అనుకుందాం. ఏడాదికి 500 పాటలయ్యాయి. పిన్నిగారి జ్ఞాపకం చుట్టూ ఐదేళ్లు తీసుకుంటే 2,500. పాటకి నాలుగు నిమిషాల చొప్పున 10,000 నిమిషాలు, అంటే 167 గంటలు. రోజూ రాత్రి అన్నాలయ్యాక గంటసేపు కూర్చున్నా, సంక్రాంతికి మొదలుపెడితే జూన్ నెలాఖరుకి తేలుతుంది. ఒక్క కూనిరాగం కోసం అంత ఓపిక ఎవరికుంటుంది? ఆ ఆరు నెలల పనిని ఒక పూటకి దించడానికే ఈ ఆనవాళ్లు.

ఐదేళ్లన్నాను కదా, ఏ ఐదేళ్లు? 1989కి అటు రెండు, ఇటు రెండు తీసుకోవాలని ఎవరికైనా తోస్తుంది. అలా తీసుకోకూడదు. మనిషి పాట విన్న ఏడాది దాదాపు ఎప్పుడూ సినిమా విడుదలయ్యాకే ఉంటుంది. సినిమా ముందు పెద్ద ఊళ్లలో ఆడి, తర్వాత చిన్న ఊళ్లకి చేరేది. క్యాసెట్టు ఇంటింటికీ చేతులు మారేది. రేడియోలో పాట ఏళ్ల తరబడి వస్తూనే ఉండేది. విడుదలకు ముందే వినాలంటే ఒకటే దారి, సినిమాకన్నా కాస్త ముందు బజారుకొచ్చే క్యాసెట్టు. అది కొద్ది వారాల తేడా, మహా అయితే నెలలు. అందుకని జ్ఞాపకం చెప్పిన ఏడాది నుంచి వెనక్కి మూడేళ్లు, ముందుకి ఒక్క ఏడాది తీసుకోవాలి. పిన్నిగారి విషయంలో 1986 నుంచి 1990 దాకా.

ఇంట్లో జరిగిన సంగతితో ముడిపడ్డ ఏడాదిని మాత్రం నేను బాగా నమ్ముతాను. "ఎనభైల్లో ఎప్పుడో" అన్నవాళ్లని మళ్లీ అడిగి చూడండి. పెళ్లయ్యిందా, పిల్లలు పుట్టారా, అప్పటికి ఏ ఊళ్లో ఉన్నారు? మూడో ప్రశ్నకి పదేళ్లు రెండేళ్లకి దిగుతాయి.

పుస్తకాల్లో చూసి చెప్పిన ఏడాదికి వేరే చిక్కుంది. శంకరాభరణం విడుదలైంది 1980 ఫిబ్రవరి 2న. జాతీయ అవార్డుల్లో మాత్రం అది 1979 సినిమా, ఎందుకంటే అక్కడ సెన్సారు పూర్తయిన ఏడాదిని బట్టి లెక్క. ఒక జాబితాలో 1979, ఇంకో జాబితాలో 1980 కనిపిస్తే రెండింట్లో ఏదో తప్పని కొట్టెయ్యకండి. అవార్డు చూసి చెప్పిన ఏడాదైతే పక్క ఏడాదినీ కలుపుకుని వెతకాలి.

ఇక పేర్ల సంగతి. దర్శకుడికీ సంగీత దర్శకుడికీ మధ్య జోడీ కుదరడం మన సినిమాల్లో మామూలే. పాటల కోసం వారాల తరబడి కలిసి కూర్చోవాలి. బాణీ ఎందుకు నచ్చలేదో, సన్నివేశానికి ఏం కావాలో చెప్పుకోవాలి. ఒకసారి భాష కలిసినవాళ్లు మళ్లీ మళ్లీ కలుస్తారు. విశ్వనాథ్‌తో కె.వి. మహదేవన్, జంధ్యాలతో రమేశ్‌నాయుడు, వంశీతో ఇళయరాజా అలా కుదిరినవాళ్లే. మహదేవన్ చాలామందిలా ముందు బాణీ కట్టి కవికి ఇచ్చేవారు కాదు. పాట రాసిస్తే దానికి బాణీ కట్టేవారు, పక్కన సహాయకుడిగా పుహళేంది ఉండేవారు. మాట ముందు, రాగం తర్వాత. సాహిత్యం మీద పట్టుదల ఉన్న దర్శకుడు ఆయన్ని వదలకపోవడంలో ఆశ్చర్యమేముంది?

జోడీ తెలిసింది కదా, ఇంక పని అయిపోయినట్టేనా? కాదు. జోడీ అంటే పెళ్లి కాదు. అదే జంధ్యాల 1982లో నాలుగు స్తంభాలాటకి రాజన్–నాగేంద్రని తెచ్చుకున్నారు. జోడీ ఎక్కడ ముందు వెతకాలో చెబుతుంది, అక్కడే ఉంటుందని హామీ ఇవ్వదు.

అసలు కిటుకు ఇప్పుడు చెబుతాను. 1976 నుంచి 1983 దాకా విశ్వనాథ్ తీసిన వాటిలో అందరికీ గుర్తుండే ఏడు సినిమాలు తీసుకోండి: సిరిసిరిమువ్వ, సీతామాలక్ష్మి, శంకరాభరణం, శుభోదయం, సప్తపది, శుభలేఖ, సాగరసంగమం. ఎవరో వచ్చి "విశ్వనాథ్ సినిమా, పాట వేటూరిది" అన్నారనుకోండి. మీకు ఎంత తెలిసినట్టు? దాదాపు ఏమీ తెలియనట్టే. ఏడింటిలోనూ వేటూరి ఉన్నారు. ఇంట్లో అందరిదీ ఒకటే ఇంటిపేరైనప్పుడు ఇంటిపేరుతో కేకేస్తే ఎవరు పలుకుతారు? "సంగీతం మహదేవన్" అంటే ఏడు ఆరవుతాయి, అంతే. అదే "సంగీతం ఇళయరాజా" అన్నారా, ఏడూ ఒక్కసారిగా ఒకటైపోతాయి. సాగరసంగమం ఒక్కటే మిగులుతుంది.

కాబట్టి ఆనవాలు బరువు ఆ పేరు గొప్పతనంలో లేదు. చేతిలో మిగిలిన జాబితాని అది ఎన్ని ముక్కలు చేస్తుందో అందులో ఉంది. ఒక ఏడాది గొడ్డలిలా పనిచేసిన పేరు, ఇంకో ఏడాది వెన్న కోసే కత్తి కూడా కాదు.

విశ్వనాథ్ సినిమాల్లోనే దీనికి ముచ్చటైన ఉదాహరణలున్నాయి. 1986లో ఆయనవి స్వాతిముత్యం, సిరివెన్నెల వచ్చాయి. మొదటిది ఇళయరాజా, రెండోది మహదేవన్. 1987లో శ్రుతిలయలు, స్వయంకృషి. మొదటిది మహదేవన్, రెండోది రమేశ్‌నాయుడు. 1992లో స్వాతికిరణం మహదేవన్‌ది, ఆపద్బాంధవుడు కీరవాణిది. మూడు సంవత్సరాలు, ఏడాదికి రెండేసి సినిమాలు, మూడుసార్లూ వేర్వేరు సంగీత దర్శకులు. ఈ ఏడాదుల్లో దర్శకుడూ ఏడాదీ తెలిస్తే జాబితా రెండుకి దిగుతుంది. సంగీతం ఎవరిదో అడిగితే ఒకటే మిగులుతుంది. ఇక్కడ పాట రాసిందెవరని ముందు అడిగితే కాలయాపన.

1988కి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఆ ఏడాది ఇళయరాజా తెలుగులో ఎటు చూసినా ఉన్నారు, కాబట్టి ఆయన పేరు ఒక్కటే చెబితే గుంపు అలాగే ఉంటుంది. రాసినవారిని అడగాలి. ఆత్రేయ అన్నారా, అశోక్‌కుమార్ తీసిన అభినందన వైపు వెళ్లండి. రాజశ్రీ అన్నారా, మణిరత్నం ఘర్షణని చూడండి. ఇది తమిళం నుంచి వచ్చిన డబ్బింగ్ సినిమా. అప్పటికే ఉన్న పెదవుల కదలికకి, అప్పటికే కట్టిన బాణీకి సరిపడా తెలుగు మాటలు రాయాలి. ఆ రోజుల్లో ఆ పనికి రాజశ్రీ పెట్టింది పేరు. అందుకే ఆయన పేరు వినగానే నేను ముందు "ఇది అసలు తెలుగు సినిమాయేనా?" అని చూసుకుంటాను. సీతారామశాస్త్రి అన్నారా, రెండు సినిమాలు ఎదురుగా నిలబడతాయి: రుద్రవీణ, స్వర్ణకమలం. ఒకే ఏడాది, ఒకే సంగీత దర్శకుడు, ఒకే కవి. రెండూ శాస్త్రీయ కళ చుట్టూ తిరిగే కథలే, ఒకదాంట్లో సంగీతం, ఇంకోదాంట్లో కూచిపూడి. వీటిని విడదీసేది దర్శకుడి పేరే. రుద్రవీణ బాలచందర్‌ది, స్వర్ణకమలం విశ్వనాథ్‌ది.

పిన్నిగారు విశ్వనాథ్ అన్నారు కదా. ఇళయరాజాతో విశ్వనాథ్ చేసిన తెలుగు సినిమాలు నా లెక్కకి నాలుగు: సాగరసంగమం (1983), స్వాతిముత్యం (1986), స్వర్ణకమలం (1988), చిన్నబ్బాయి (1997). మన ఐదేళ్ల కిటికీలో మధ్యవి రెండే పడతాయి. స్వాతిముత్యంలో పేరొచ్చిన పాటలు ఎక్కువగా సినారె, ఆత్రేయలవి. కాబట్టి స్వర్ణకమలం. 2,500 పాటలు కాస్తా అరడజనుకి దిగాయి. కాఫీ పెట్టుకుని వరసగా వినిపించాను. అరగంట కాకుండానే అయిపోయాయి.

"బాగున్నాయి గానీ, ఇవేవీ కాదు బాబూ" అన్నారావిడ.

ఇలాంటప్పుడు చాలామంది మళ్లీ గడ్డివాములోకి దూకుతారు. అక్కర్లేదు. నాలుగు ఆనవాళ్లలో మూడు నిజమై, ఒకటి తప్పై ఉండొచ్చు. తాళంచెవి గుత్తిలో ఒక్కో చెవినీ తిప్పి చూసినట్టు, ఒక్కో ఆనవాలునీ కాసేపు పక్కనపెట్టి మిగతా మూడింటితో చూడాలి.

సంగీత దర్శకుడిని పక్కన పెడదాం. ఆ ఐదేళ్లలో విశ్వనాథ్ తీసినవాటిలో సీతారామశాస్త్రి పేరు గట్టిగా ఉన్నవి సిరివెన్నెల, శ్రుతిలయలు, స్వయంకృషి, 1989 నాటి సూత్రధారులు. నాలుగు. కవిని పక్కన పెడితే స్వాతిముత్యం వచ్చి చేరుతుంది. ఏడాదిని పక్కన పెడితే చిన్నబ్బాయి ఉంది గానీ, ఇల్లు మారిన ఎనిమిదేళ్లకి వచ్చిన పాటని ఇల్లు మారుతూ వినడం కుదరదు, కొట్టెయ్యొచ్చు. సాగరసంగమం వేటూరిది, అదీ పోయింది. ఇక దర్శకుడిని పక్కన పెడితే, ఇళయరాజా–సీతారామశాస్త్రి కలిసినవాటిలో వెంటనే తట్టేవి లేడీస్ టైలర్ (1986), రుద్రవీణ (1988), శివ (1989). మొత్తం ఎనిమిది సినిమాలు, సుమారు నలభై పాటలు, రెండు గంటల నలభై నిమిషాలు. ఒక పాత సినిమా చూసినంతసేపు. ఆరు నెలల లెక్కతో పోలిస్తే ఇదెంత?

ఆ రెండున్నర గంటలు కూడా ఖర్చు పెట్టకుండా, ఏ ఆనవాలుని ముందు అనుమానించాలి? నా పద్ధతి ఒకటుంది. "మీకెలా తెలుసు?" అని ఒక్కోదానికీ అడుగుతాను. ఇళయరాజా సంగతి ఎలా తెలుసంటే, క్యాసెట్టు అట్ట మీద ఆయన బొమ్మ ఉందన్నారు పిన్నిగారు. అది కళ్లతో చూసింది. శాస్త్రిగారి సంగతి ఎలాగంటే, వాళ్లాయన ఆ పాట సాహిత్యం గురించి పక్కింటాయనతో వాదించారట. అది చెవులతో విన్నది. మరి విశ్వనాథ్ అని ఎలా తెలుసు? "అలాంటి పాట ఇంకెవరు తీస్తారు నాయనా?" అన్నారు.

దొరికింది. అది చూసిందీ కాదు, విన్నదీ కాదు, ఊహించింది. శాస్త్రీయ వాసన ఉన్న పాటైతే విశ్వనాథ్ అనుకోవడం మన ఇళ్లలో చాలా మామూలు. దాసరి తీసిన మేఘసందేశాన్ని కూడా ఆయన ఖాతాలో వేసేవాళ్లని చూశాను. ఊహించిన ఆనవాలుని ముందు పక్కన పెట్టాలి, చూసినదాన్ని చివర. దర్శకుడిని తీసేస్తే మిగిలిన మూడింటిలో లేడీస్ టైలర్ హాస్యం, శివ కాలేజీ గొడవలు. "పాడింది బాలూయేనా?" అని అడిగాను. "కాదు, ఏసుదాసు. కూడా చిత్ర గొంతు" అన్నారు ఆలోచించకుండా. ముందే అడగాల్సిన ప్రశ్న, నేనే మర్చిపోయాను. గాయకుల పేర్లు జనానికి దర్శకుల పేర్లకన్నా బాగా గుర్తుంటాయి, ఎందుకంటే గొంతుని స్వయంగా వింటారు. రుద్రవీణలో ఏసుదాసు, చిత్ర కలిసి పాడిన యుగళగీతం ఉంది. పెట్టాను. మొదటి ఆలాపనకే పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేశారు. సినిమా 1988ది, ఆవిడ విన్నది 1989లో. వెనక్కి ఎక్కువ ఏళ్లు వదలడం ఇందుకే.

ఈ పద్ధతికి ఒక హద్దుంది, అదీ చెప్పాలి. పేర్లన్నీ కలిపి మనల్ని సినిమా గుమ్మం దాకానే తీసుకెళ్తాయి. లోపల ఏ పాట ఎవరు రాశారో చాలాచోట్ల ఉండదు. స్వాతికిరణంలో సినారె, సీతారామశాస్త్రి ఇద్దరూ రాశారు. క్యాసెట్టు అట్ట మీద అందరి పేర్లూ ఒకే వరసలో వేసి, ఏది ఎవరిదో చెప్పకపోతే మనం చేసేదేముంది? పాత పాటల పుస్తకం దొరికితే అదృష్టం. హాలు బయట చిల్లరకి అమ్మేవాళ్లు, సగం కథ చెప్పి మిగతాది వెండితెరపై చూడమని ఊరించేవి. వాటిలో చాలాసార్లు పాట పాటకీ రచయిత, గాయకుల పేర్లు వేసేవారు. గ్రామఫోను రికార్డు మధ్యన అంటించిన కాగితం కూడా అలాంటి నమ్మదగ్గ సాక్షే. ఇప్పుడు తెర మీద పాట కింద కనిపించే పేర్లని మాత్రం ఇంకోచోట సరిచూసుకోకుండా నమ్మకండి. సినిమాలో పెద్ద పేరు ఎవరిదైతే, అన్ని పాటలకీ ఆయన పేరే తగిలించేవాళ్లున్నారు.

కవి పేరు ఇంకో రకంగానూ దారి తప్పిస్తుంది. శ్రుతిలయలులో వేంకటేశ్వరస్వామి మీద వచ్చే తెల్లవారుజాము పాటని అన్నమయ్య కీర్తనే అనుకునేవాళ్లు నేటికీ ఉన్నారు. అది సీతారామశాస్త్రి రాసింది, 1987కి నంది అవార్డు కూడా తెచ్చింది. ఎవరైనా "అన్నమయ్య పాట, కానీ ఏ పుస్తకంలోనూ కనబడట్లేదు" అని వస్తే, ముందు విశ్వనాథ్ సినిమాల్లో చూడండి. దీనికి ఎదురు శంకరాభరణం. అందులో రామదాసు కీర్తనలు కూడా ఉన్నాయి. వాటికి వేటూరి పేరుతో వెతికితే ఎన్నాళ్లయినా దొరకవు.

కవి పేరుకి ఇంకో గుణం ఉంది. అది పాట ఏ భాషదో చెబుతుంది. సాగరసంగమం తమిళంలో సలంగై ఒలి అయింది. దర్శకుడు మారలేదు, బాణీలు మారలేదు, కవి మాత్రం వేటూరి పోయి వైరముత్తు వచ్చారు. చెన్నైలో పెరిగిన మా బావమరిది ఒకసారి ఇళయరాజా, విశ్వనాథ్, 1983 అని మూడు ఆనవాళ్లూ కచ్చితంగా చెప్పాడు. నేను వినిపిస్తే రాగం అదే గానీ మాటలు కావని అరగంట వాదించాడు. వాడు విన్నది తమిళంలో.

పిన్నిగారు కరివేపాకు మర్చిపోయి వెళ్లిపోయారు. పది నిమిషాలకి మళ్లీ వచ్చారు. కరివేపాకు కోసమే అనుకున్నాను. "ఇంకోటుంది. ఇది మటుకు నిజంగా విశ్వనాథ్‌దే" అన్నారు. ఎలా తెలుసని అడిగాను. హాల్లో పేర్లు పడుతున్నప్పుడు వాళ్లాయన పైకి చదివారట. అయితే ఏ ఏడాది? "మా రెండోవాడికి అక్షరాభ్యాసం అయింది." వాడు ఎప్పుడు పుట్టాడో వేళ్ల మీద లెక్కపెట్టుకుని, 1992 అన్నారు. రెండు సినిమాలు. సంగీతం ఎవరని అడిగాను.